రివ్యూయర్లకు జవాబు: ఒప్పుకున్నది ఎలా చూపాలి, కాదన్నది ఎలా చెప్పాలి

నమస్కారం మేడమ్. గుంటూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. మిర్చిలో నల్ల తామర పురుగు మీద మేడికొండూరు దగ్గర ఒక రైతు పొలంలో ఒక పంటకాలం ట్రయల్ వేశాం. ఏడు ట్రీట్‌మెంట్లు, మూడు రెప్లికేషన్లు, ప్లాటుకు పది మొక్కలు. జర్నల్‌కి పంపితే 'మేజర్ రివిజన్' వచ్చింది. మొదటి రివ్యూయర్ మొక్కల్ని విడివిడిగా లెక్కలోకి తీసుకోవడం తప్పన్నారు. సరిచేస్తే వేపనూనె ఫలితం నిలవడం లేదు. రెండో రివ్యూయర్ రెండో ఏడాది డేటా అడిగారు, నాలుగు పేపర్లు సైట్ చేయమన్నారు. మా గైడ్ గారేమో 'అన్నిటికీ ఒప్పుకున్నట్టు రాసి పంపెయ్యమ్మా' అంటున్నారు. నేను రాసిన జవాబు జతచేశాను. దీన్ని ఎలా సరిచేయాలి?
— పరిశోధక విద్యార్థిని, గుంటూరు

మీ జవాబు మొత్తం చదివాను. దాదాపు ప్రతి వ్యాఖ్య కిందా 'విలువైన సూచనకు ధన్యవాదాలు, సూచించిన విధంగా సవరించాం' అని ఉంది. ఏం సవరించారో మాత్రం ఎక్కడా లేదు. ఇంకొకచోట 'ఇది మేం పేపర్లో స్పష్టంగానే రాశాం' అని ఉంది. మొదటి వాక్యం ఎడిటర్‌కి ఏమీ చెప్పదు, రెండోది రివ్యూయర్‌కి కోపం తెప్పిస్తుంది. ఈ రెండూ తీసేస్తే మీ జవాబులో మిగిలేది చాలా తక్కువ. అందుకే సవరించడం కాదు, కొత్తగా రాయండి.

ముందు ఈ ఉత్తరం ఎవరు చదువుతారో చూద్దాం. పేరుకి రివ్యూయర్లకి రాస్తున్నాం గానీ మొదట తెరిచేది ఎడిటరే. మీ పేపర్‌ని మళ్లీ రివ్యూయర్లకి పంపాలా, తనే తేల్చేయాలా అన్నది ఆయన చాలావరకు ఈ ఉత్తరం చూసే నిర్ణయిస్తారు. పేపర్ తెరవకుండానే ఏది మారింది, ఎక్కడ మారింది, ఏది మారలేదు, ఎందుకు అన్నది ఆయనకి అర్థం కావాలి. కాబట్టి రివ్యూయర్ మాటల్ని కుదించకుండా యథాతథంగా పెట్టండి. మీరు చేసినట్టు 'రివ్యూయర్ గణాంకాల గురించి అడిగారు' అని సొంతమాటల్లో చెప్తే, ఇబ్బందైన భాగం దాటేశారేమో అన్న అనుమానం వస్తుంది. ఒకే పేరాలో మూడు ప్రశ్నలుంటే 1.1, 1.2, 1.3 అని విడగొట్టి, ఒక్కోదాని కింద మీ జవాబు రాయండి. ఆ కింద మారిన వాక్యాన్ని లైన్ నంబరుతో సహా దించండి. లైన్ నంబర్లు ట్రాక్ చేంజెస్ ఉన్న ఫైల్‌లో ఒకలా, శుభ్రమైన కాపీలో ఇంకోలా వస్తాయి. ఏ ఫైల్‌వి ఇస్తున్నారో ఉత్తరం మొదట్లోనే ఒక ముక్క చెప్పండి. నంబర్లు వేయడం అన్నిటికన్నా చివరి పని, ముందే వేసుకుంటే ఒక్క పేరా చేర్చగానే అన్నీ జరిగిపోతాయి.

ఇక అసలు విషయం, మొక్కల లెక్క. మీ జవాబులో దీన్ని రెండు లైన్లలో తేల్చేశారు. నిజానికి మీ ఉత్తరం మొత్తంలో బరువైన చోటు ఇదే.

మీది ఏడు ట్రీట్‌మెంట్లు, మూడు బ్లాకుల ఆర్‌బీడీ. అంటే 21 ప్లాట్లు. ప్లాటుకు పది మొక్కల్లో పూవుకి ఎన్ని పురుగులున్నాయో లెక్కపెట్టారు కాబట్టి మీ దగ్గర 210 అంకెలున్నాయి. ఆ 210నీ వేటికవి స్వతంత్రమైనవిగా తీసుకుని విశ్లేషణ చేశారు. అప్పుడు ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే ఎర్రర్‌ని అంచనా వేయడానికి మిగిలే స్వతంత్రమైన అంకెల లెక్క, 201 వస్తాయి. కానీ మీరు మందు కొట్టింది మొక్కకి కాదు, ప్లాటుకి. ఒకే ప్లాటులోని పది మొక్కలకీ ఒకే ట్యాంకు మందు, ఒకే రోజు, ఒకే మనిషి చేత్తో పడింది. ప్లాటు గట్టు పక్కనుంటే పదీ గట్టు పక్కనే ఉంటాయి. పైగా పురుగులు పక్క మొక్కల మీదికి ఎగిరిపోతుంటాయి. ఒకే ఇంట్లో పదిమందిని అడిగి పది ఇళ్ల అభిప్రాయం అని రాసుకున్నట్టుంటుంది. రివ్యూయర్ అంటున్నది ఇదే. ఆయన మాట నూటికి నూరుపాళ్లూ సరైనది. దీని మీద వాదనకి దిగకండి.

సరిచేయడం కష్టం కాదు. ప్రతి ప్లాటులో పది మొక్కల సగటు తీసుకుంటే 21 అంకెలు మిగులుతాయి. ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఆరు రెళ్లు పన్నెండు. ప్రతి ప్లాటులోనూ సరిగ్గా పదే మొక్కలున్నాయి కాబట్టి మీ పట్టికలోని సగటులు ఒక్కటీ మారవు. మారేది సీడీ, అంటే రెండు సగటుల మధ్య తేడాని ఫలితంగా లెక్కించాలంటే ఉండాల్సిన కనీస తేడా. ఐదు శాతం దగ్గర టీ విలువ 1.97 నుంచి 2.18కి పెరుగుతుంది గానీ అది చిన్న సంగతి. ఇన్నాళ్లూ మొక్కకీ మొక్కకీ మధ్య తేడాని ఎర్రర్‌గా వాడారు, ఇప్పుడు ప్లాటుకీ ప్లాటుకీ మధ్య తేడాని వాడుతున్నారు. సీడీ ఎదిగేది అందువల్లే. మీరు పంపిన కొత్త పట్టికలో అది 1.2 నుంచి 2.9కి వెళ్లింది. కంట్రోల్‌లో పూవుకి 11.4 పురుగులు, వేపనూనెలో 9.1. తేడా 2.3. పాత సీడీ ప్రకారం అది ఫలితం, కొత్త దాని ప్రకారం కాదు. (మీరు అంకెల్ని నేరుగా వాడారు కాబట్టి ఇలా పోల్చవచ్చు. మన దగ్గర చాలామంది చేసినట్టు వర్గమూలాల్లోకి మార్చి విశ్లేషించి ఉంటే, వచ్చే సీడీ ఆ స్కేలుదే. దాన్ని అసలు సగటుల పక్కన పెట్టి తీసివేతలు చేయకూడదు. ఆ తప్పు పట్టుకునే రివ్యూయర్లు ఎక్కువ.)

ఇప్పుడు ఈ సంగతి ఉత్తరంలో ఎలా చెప్పాలి? దాచకుండా, ఎడిటర్ వెతుక్కునే పని లేకుండా చెప్పాలి. మీరు ఇంగ్లీషులో రాసుకుంటారు గానీ, మాట వరస ఇలా ఉండాలి:

'ఒక ప్లాటులోని మొక్కల్ని స్వతంత్ర రెప్లికేషన్లుగా తీసుకోకూడదన్న రివ్యూయర్ అభ్యంతరం సరైనది. మందు ప్లాటుకి కొట్టాం కాబట్టి ప్లాటే ప్రయోగ యూనిట్. ప్రతి ప్లాటులో పది మొక్కల సగటు తీసుకుని, 21 విలువలతో విశ్లేషణ మళ్లీ చేశాం. ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 201 నుంచి 12కి తగ్గాయి. సగటులు మారలేదు. సీడీ 1.2 నుంచి 2.9కి పెరిగింది. దీనివల్ల వేపనూనెకీ కంట్రోల్‌కీ మధ్య తేడా ఇప్పుడు గణాంకపరంగా నిలవదు. మిగిలిన ఐదు ట్రీట్‌మెంట్ల ఫలితాలు మారలేదు. టేబుల్ 2 మార్చాం. ఫలితాల్లో 188–203 లైన్లు, అబ్‌స్ట్రాక్ట్‌లో 24వ లైను, ముగింపులో 341–344 లైన్లు తిరగరాశాం.'

'సవరించాం' అనే ఒక్క మాటకీ దీనికీ తేడా చూశారుగా. ఇందులో పొగడ్త లేదు, సంజాయిషీ లేదు. రివ్యూయర్ తన వ్యాఖ్యకి ఎంత దూరం వెళ్లారో చూసుకోగలరు. మీకు నష్టం కలిగించే మార్పుని మీరే ముందుగా చెప్పారు కాబట్టి మిగతా జవాబుల్ని కూడా నమ్ముతారు.

తిరగరాసేటప్పుడు ఒక జాగ్రత్త. కొత్త డ్రాఫ్ట్‌లో మీరు 'వేపనూనె ప్రభావం చూపలేదు' అని రాశారు. మీ డేటా ఆ మాట అనడం లేదు. మూడు రెప్లికేషన్ల ట్రయల్‌లో పూవుకి 2.9 కంటే తక్కువ తేడా ఉంటే మీ పద్ధతికి అది దొరకదు. అంతవరకే చెప్పగలం. 'ఈ ట్రయల్‌లో వేపనూనెకీ కంట్రోల్‌కీ మధ్య తేడాని నిర్ధారించలేకపోయాం' అని రాయండి. లేకపోతే రెండో విడతలో ఇదే రివ్యూయర్ దీన్ని పట్టుకుంటారు. ఆపైన ఎవరో మీ పేపర్ చూపించి రైతుకి వేపనూనె దండగ అని చెప్తారు.

మీ గైడ్ గారి మాటకి వస్తాను. 'ఒప్పుకున్నట్టు రాసి పంపెయ్' అన్నది వ్యాఖ్యలన్నిటినీ త్వరగా దాటేయాలన్న ఆత్రంతో అన్న మాటే అయ్యుంటుంది. కానీ చేయనిది చేశామని ఉత్తరంలో రాస్తే, సవరించిన పేపర్ అదే రివ్యూయర్ చేతికి వెళ్తుంది. ఆయన మొదట తెరిచేది తను అడిగిన చోటే. దీన్ని వాదనగా పెట్టుకోకండి. పాత టేబుల్ 2, కొత్త టేబుల్ 2 పక్కపక్కన ప్రింటు తీసి, 'సార్, మొక్కల లెక్కలో ఆయన చెప్పింది నిజమే, వేపనూనె పోతోంది, మిగతా ఐదూ నిలుస్తున్నాయి' అని చూపించండి. ఐదు నిలిచాయన్న సంగతి బహుశా ఆయనకి ఇంకా తెలియదు. ఎలాగూ పేపర్ మీద పేరున్న ప్రతివాళ్లూ సవరించిన ప్రతిని, ఈ ఉత్తరాన్ని చదివి సరేనన్నాకే పంపాలి.

రెండో ఏడాది డేటా. దీన్ని మీరు కాదనవచ్చు, కాకపోతే మీరు రాసిన కారణాలతో కాదు. 'ప్రాజెక్టు గడువు అయిపోయింది, రైతు ఆ పొలంలో వేరే పంట వేశారు, నేను థీసిస్ ఇవ్వాలి' అని రాశారు. అన్నీ నిజాలే. కానీ వాటిలో ఒక్కటీ రివ్యూయర్ సందేహానికి జవాబు కాదు. ఒక్క ఏడాది చూసింది ఇంకో ఏడాదికి వర్తిస్తుందా అన్నది ఆయన సందేహం. గుంటూరు జిల్లాలో ఈ ప్రశ్నకి బలం ఇంకా ఎక్కువ. 2021లో నల్ల తామర పురుగు మిర్చి తోటల మీద ఎలా విరుచుకుపడిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పురుగు ఉధృతి ఏడాదికొక తీరుగా ఉంటుందని యార్డుకి కాయ తెచ్చే ఏ రైతైనా చెప్తాడు. కాబట్టి ఆ సందేహం న్యాయమైనదే అని ముందు ఒప్పుకోండి. డేటా ఇవ్వలేకపోతున్నారు గనక, మీ పేపర్ చెప్పే మాటని ఆ ఒక్క ఏడాదికి కుదించండి.

కాదనేటప్పుడు నేను పాటించే పద్ధతి ఇదే. అడిగిన పని చేయకపోయినా ఆ వ్యాఖ్య వల్ల పేపర్లో ఒకటో రెండో వాక్యాలు మారాలి. రివ్యూయర్ పడ్డ శ్రమ పేపర్లో ఎక్కడో కనపడితే, కాదన్న మాట కటువుగా ఉండదు. మీ విషయంలో మూడు చోట్లు మారాలి. శీర్షికలో ఆ ఊరు, ఆ పంటకాలం చేరాలి. అబ్‌స్ట్రాక్ట్ చివర 'రైతులకు సిఫారసు చేస్తున్నాం' అన్న వాక్యం పోవాలి. ఒక్క పొలం, ఒక్క ఏడాది ఆధారంగా సిఫారసు చేయడమన్నదే రివ్యూయర్‌ని కదిలించి ఉంటుంది. ఇక చర్చలో పరిమితుల గురించి ఒక చిన్న పేరా చేరాలి. ఉత్తరంలో ఇలా:

'ఒక్క పంటకాలం ఫలితాలు వేరే ఏడాదికి వర్తిస్తాయని చెప్పలేమన్న రివ్యూయర్ మాటతో ఏకీభవిస్తున్నాం. ఈ ట్రయల్ ఒకే పంటకాలానికి రూపొందించింది, రెండో ఏడాది డేటా మా దగ్గర లేదు. అందువల్ల డేటా చేర్చే బదులు పేపర్ పరిధిని తగ్గించాం. శీర్షికలో ప్రాంతాన్నీ పంటకాలాన్నీ పేర్కొన్నాం. అబ్‌స్ట్రాక్ట్‌లోనూ ముగింపులోనూ సిఫారసు వాక్యాలు తొలగించాం. పురుగు ఉధృతి వేరుగా ఉండే ఏడాదిలో ఈ తేడాలు నిలవకపోవచ్చని 318–325 లైన్లలో చేర్చాం.'

ఇది రాయబోయే ముందు ఒక పని చేయండి. ఆ జర్నల్ రచయితలకిచ్చే సూచనలు తెరిచి చూడండి. పొలం ట్రయల్స్‌కి కనీసం రెండు పంటకాలాలో రెండు చోట్లో ఉండాలని కొన్ని జర్నళ్లు నియమంగానే పెడతాయి. మీదీ అలాంటిదైతే ఎంత మర్యాదగా కాదన్నా లాభం లేదు. అప్పుడు ఎడిటర్‌కి నేరుగా ఒక మెయిల్ రాసి, దీన్ని షార్ట్ కమ్యూనికేషన్‌గా తీసుకుంటారేమో అడగండి. కుదరదంటే ఇంకో జర్నల్ చూసుకోవచ్చు. నియమం లేకపోతే, పై జవాబు సరిపోయే అవకాశం బాగానే ఉంది.

నాలుగు పేపర్ల సంగతి. ఒకే రచయిత పేరు నాలుగింట్లోనూ ఉందని, ఆ రివ్యూయర్ ఆయనే అయ్యుంటారని రాశారు. అయ్యుండొచ్చు. కానీ ఆ ఊహని ఉత్తరంలో ఎక్కడా కనపడనివ్వకండి. నాలుగూ తెచ్చుకుని చదవండి. మీరు చెప్పిన దాన్నిబట్టి ఒకటి మిర్చి పూలల్లో తామర పురుగుల్ని లెక్కపెట్టే పద్ధతి మీద. అది మీకు నిజంగా పనికొస్తుంది, పద్ధతుల భాగంలో చేర్చండి. మిగతా మూడూ పత్తి మీద, పాలీహౌస్ పంటల మీద అయితే, 'సూచించిన నాలుగు పేపర్లూ చదివాం. లెక్కింపు పద్ధతికి సంబంధించినది 131వ లైనులో చేర్చాం. మిగిలిన మూడూ వేరే పంటల గురించినవి కావడంతో ఈ పేపర్ వాదనకి అవసరం లేదనిపించింది' అని రాస్తే చాలు. ఒకటి చదివి తీసుకున్నారు గనక మూడు వదిలేయడాన్ని ఎవరూ తప్పుపట్టరు. కేవలం సైటేషన్లు పెంచుకోవడానికి సొంత పేపర్లు సూచించకూడదని ప్రచురణ నైతికతను చూసే కోప్ సంస్థ రివ్యూయర్లకిచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. రెండో విడతలో కూడా ఆ మూడింటికీ పట్టుబడితే అప్పుడు ఎడిటర్‌కి విడిగా రాయండి, ఇప్పుడే ఫిర్యాదు వద్దు.

'స్పష్టంగానే రాశాం' అన్న చోటు కూడా చూద్దాం. మీరు చూసింది నల్ల తామర పురుగే, మనకి పాతనుంచీ ఉన్న మామూలు మిర్చి తామర పురుగు కాదు అని ఎలా నిర్ధారించారని రివ్యూయర్ అడిగారు. మంచి ప్రశ్న. పాతది ఎక్కువగా లేత ఆకుల్లో ఉండి ఆకుని పైకి ముడిచేస్తుంది, కొత్తది పూలలో గుంపుగా చేరుతుంది. కానీ పొలంలో చూసి అనుకోవడం వేరు, నిర్ధారించడం వేరు. మీరు స్లైడ్లు తయారుచేసి నిపుణులకి చూపించిన సంగతి పేపర్లో ఉంది, కానీ టేబుల్ 1 అడుగున చిన్న గమనికలో ఉంది. అక్కడ ఎవరు చూస్తారు? ఆ రెండు వాక్యాల్ని పద్ధతుల భాగంలోకి తెచ్చి, ఎన్ని పురుగుల్ని స్లైడ్లకెక్కించారో, ఆ నమూనాలు ఎక్కడ భద్రపరిచారో చేర్చండి. జవాబులో, 'ఈ వివరం టేబుల్ గమనికలో ఉండిపోవడం వల్ల తేలిగ్గా కనపడలేదు, 112–117 లైన్లలోకి మార్చి విస్తరించాం' అనండి. రివ్యూయర్‌కి కనపడనిది రేపు పాఠకుడికీ కనపడదు.

ఉపోద్ఘాతం తగ్గించమని ఒకరు, మిర్చి వాణిజ్యం గురించి ఇంకా రాయమని ఇంకొకరు అన్నారని అడిగారు. ఇద్దరినీ మెప్పించాలని చూడకండి. ఒక దారి ఎంచుకుని, ఇద్దరి కిందా అదే జవాబు పెట్టి, రెండు వ్యాఖ్యలు ఎదురెదురుగా ఉన్నాయని ఎడిటర్ గమనించేలా రాయండి. నేనైతే తగ్గిస్తాను.

కృతజ్ఞతలు ఉత్తరం మొదట్లో ఒక్కసారి చాలు. అయితే దేనికో చెప్పాలి. 'ముఖ్యంగా ప్రయోగ యూనిట్ గురించిన వ్యాఖ్య వల్ల మా ప్రధాన ఫలితాల్లో ఒకటి మారింది' అన్న ఒక్క వాక్యం, ప్రతి వ్యాఖ్య కిందా మీరు రాసిన ధన్యవాదాలన్నిటికన్నా ఎక్కువ చెప్తుంది. ఆ వెంటనే ఎడిటర్ కోసం నాలుగైదు లైన్ల సారాంశం పెట్టండి. విశ్లేషణ మళ్లీ చేశాం, వేపనూనె ఫలితం మారింది, రెండో ఏడాది డేటా ఇవ్వలేదు, బదులుగా పరిధి తగ్గించాం, ఫలానా వ్యాఖ్యలు పరస్పరం విరుద్ధంగా ఉన్నాయి. అంతే.

ఇక పంపే రోజు చూసుకోవాల్సినవి. కవర్ లెటర్ సాధారణంగా ఎడిటర్ దగ్గరే ఉంటుంది, జవాబుల ఫైల్ మాత్రం రివ్యూయర్లకి వెళ్తుంది. మీ జర్నల్‌లో రచయితల పేర్లు రివ్యూయర్లకి చెప్పరని రాశారు. అలాంటప్పుడు జవాబుల ఫైల్ కింద మీ పేరు, గైడ్ గారి పేరు, కాలేజీ పేరు ఉండకూడదు. ప్రస్తుతం మూడూ ఉన్నాయి. ట్రాక్ చేంజెస్‌లో ప్రతి మార్పు పక్కనా మీ పేరు కనపడుతోంది, అదీ తీసేయండి. గడువు చాలదనిపిస్తే తేదీ దాటకముందే ఎడిటర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టి ఇంకొంత సమయం అడగండి, మామూలుగా ఇస్తారు. తేదీ దాటిపోతే కొన్ని జర్నళ్లు దాన్ని కొత్త పేపర్‌గా లెక్కేస్తాయి.

ఇంకొకటి. పేపర్ ఫైల్‌లో శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్ మార్చినా, మొదటిసారి పంపినప్పుడు జర్నల్ సైట్‌లో విడిగా పెట్టెల్లో టైప్ చేసిన పాతవి అలాగే ఉండిపోతాయి. ఎడిటర్‌కి ముందు కనపడేవి అవే. 'అప్‌లోడ్' నొక్కేముందు ఆ పెట్టెలు తెరిచి, వేపనూనె వాక్యాన్నీ సిఫారసునీ అక్కడ కూడా మార్చండి.